పికాచు పేరు మారలేదు, సతోషి పేరు మారింది

మే 4
షిన్‌చాన్‌ది జపాన్‌లోని కసుకాబే ఊరు. ఇంట్లో చాప మీద కూర్చుని పుల్లలతో అన్నం తింటారు. నాన్న పేరు మాత్రం హ్యారీ, అమ్మ పేరు మిట్సీ! జపాన్‌లో 1992లో మొదలైన అసలు సీరియల్లో నాన్న హిరోషి, అమ్మ మిసాయే. మన తెరకు ఆ కుటుంబం 2006లో వచ్చింది. అంతకుముందే యూరప్ కోసం ఇంగ్లీషులో డబ్ చేసినవాళ్ళు హిరోషిని హ్యారీ చేశారు. ఆ పేరే ఇంగ్లీషు నుంచి హిందీకి, హిందీ నుంచి మనకి నడిచొచ్చింది. తమాషా ఏమిటంటే షిన్‌చాన్ స్నేహితులు కజామా, నేనే, మసావో, బో మన దగ్గర జపాన్ పేర్లతోనే ఉన్నారు. ఒకే కథలో కొందరికి పేర్లు మారాయి, కొందరికి మారలేదు. కూర్చుని ఆలోచించి పెట్టిన పద్ధతైతే ఇలా ఉండదు.

మే 6
పెదవుల కదలికకు సరిపోవడం కోసం పేర్లు మార్చారని కొందరంటారు. నమ్మను. జపాన్ కార్టూన్లలో మామూలు మాటలకు గీసే నోళ్ళు మూడే: మూసింది, సగం తెరిచింది, పూర్తిగా తెరిచింది. పైగా వాళ్ళ దగ్గర బొమ్మ కదలిక ముందు, గొంతు తర్వాత. కాబట్టి డబ్బింగ్‌లో చూసుకోవాల్సింది నోరు ఎప్పుడు తెరుచుకుంది, ఎప్పుడు మూసుకుంది అన్నదే. 'హిరోషి' పట్టిన చోట 'హ్యారీ' పడుతుంది, 'హ్యారీ' పట్టిన చోట 'హిరోషి'నీ కొంచెం తొందరగా అంటే ఇరికించొచ్చు. అదీగాక జపాన్ పేర్లు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి, మన మాటల్లాగే. నోబితా, షిజుకా, సునియో అనడానికి మన పిల్లల నాలుక ఎప్పుడూ తడబడలేదు.

మే 9
స్క్రిప్టు ఏ దారిన వచ్చిందో పట్టుకోవడానికి నాకొక గుర్తుంది. పిల్లవాడు అమ్మని 'మీరు' అంటే అది హిందీ నుంచి వచ్చిందన్నమాట. హిందీ ఇళ్ళలో అమ్మని 'ఆప్' అనడం మామూలు. మన ఇళ్ళలో ఎక్కువమంది పిల్లలు నాన్నని 'మీరు' అన్నా అమ్మని 'నువ్వు' అనే అంటారు. తొందరలో ఉన్న అనువాదకుడు 'ఆప్' కనపడ్డ ప్రతిచోటా 'మీరు' పెట్టేస్తాడు. నేనూ ఇదే పనిలో ఉన్నాను కనుక ఆ తొందర నాకు తెలుసు. చేతికొచ్చే కాగితంలో సమయం, పాత్ర, డైలాగు మాత్రమే ఉంటాయి. ఎవరు ఎవరికి ఏమవుతారో ఉండదు.

షిన్‌చాన్ విషయంలో ఇంకో చిక్కు. వాడు జపనీసులోనే అమ్మని అప్పుడప్పుడు పేరు పెట్టి పిలుస్తాడు, అది అక్కడా అమర్యాదే. హాస్యమంతా అందులోనే ఉంది. దాన్ని 'అమ్మా' అని దిద్దితే నవ్వు పోతుంది, ఉంచితే తల్లిదండ్రులకు కోపం. 2008లో పెద్దల ఫిర్యాదుల మీద ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని ఆపించింది. తర్వాత కత్తిరింపులతో తిరిగొచ్చింది.

మే 13
పోకెమాన్ కథ ఇంకా పొడవు. హీరో అసలు పేరు సతోషి. ఆటను సృష్టించిన సతోషి తజిరి పేరే అది. పోటీదారుడి పేరు షిగేరు, మారియోని సృష్టించిన షిగేరు మియమోతో పేరు. అమెరికాలో వాళ్ళు ఆష్, గ్యారీ అయ్యారు. దొంగల జంట ముసాషి, కొజిరో. ఈ ఇద్దరి పేర్లతో 1612లో ఒక చిన్న ద్వీపంలో ప్రసిద్ధమైన కత్తియుద్ధం చేసిన వీరులున్నారు. జపాన్ పిల్లలకు వినగానే నవ్వొస్తుంది, ఎంత గొప్ప పేర్లు ఎంత చేతగాని దొంగలకు పెట్టారని. అమెరికా రచయితలు ఆ చమత్కారాన్ని పోనివ్వకుండా జెస్సీ, జేమ్స్ అన్నారు. జెస్సీ జేమ్స్ వాళ్ళ దేశపు పేరుమోసిన బందిపోటు. పని తెలిసినవాళ్ళు చేసిన మార్పు, మెచ్చుకోవాలి.

మన దాకా వచ్చేసరికి జెస్సీ, జేమ్స్ రెండు ఇంగ్లీషు పేర్లు, అంతే. కత్తివీరులూ లేరు, బందిపోటూ లేడు. మనమూ మన చమత్కారం ఒకటి పెట్టుకోవచ్చు కదా అంటే కుదరదు. ఆ పేర్లు కార్డుల మీద, బొమ్మల డబ్బాల మీద, వీడియో ఆటల్లో అచ్చయి ఉన్నాయి. టీవీలో ఒక పేరు, కొట్టులో ఇంకో పేరు అయితే బొమ్మ అమ్ముడుపోదు. పికాచు పేరు జపాన్‌లోనూ, అమెరికాలోనూ, మన దగ్గరా ఒకటే.

మే 14
హట్టోరీలో ప్రతినాయకుడు కెముమాకి మన దేశంలో 'అమరా' అయ్యాడు. ఇది మాత్రం ఇంగ్లీషు మార్పు కాదు, ఇక్కడిదే. బాగానే అతికింది.

మే 18
పాటల సంగతి వేరు. పేర్లు వ్యాపారం వల్ల మారితే, పాటలు హక్కుల వల్ల మారతాయి.

సీరియల్ కొన్నంతమాత్రాన పాట మనదైపోదు. రాసినవారి హక్కు, బాణీ కట్టినవారి హక్కు, పాడిన రికార్డింగు హక్కు వేరువేరు చేతుల్లో ఉంటాయి. ఆ రికార్డింగు చాలాసార్లు బొమ్మలు తీసిన సంస్థది కాదు, సంగీత కంపెనీది. డబ్బింగుకు మాటలు తీసేసి సంగీతం, చప్పుళ్ళు మాత్రమే ఉన్న ట్రాక్ ఇస్తారు. ప్రారంభగీతానికి గొంతు లేని ట్రాక్ కావాలంటే విడిగా అడగాలి, దానికి విడిగా డబ్బు. దానికన్నా కొత్త పాట కట్టించుకోవడం చవక. పైగా జపాన్‌లో ప్రారంభగీతం దాదాపు 90 సెకన్లు, అంత సమయం ప్రకటనలకు ఇవ్వొచ్చని ఛానల్ లెక్క.

అందుకే పోకెమాన్‌కు జపాన్‌లో సతోషికి గొంతునిచ్చిన రికా మత్సుమోతో పాడిన పాట అమెరికాలోనే పోయింది. అక్కడివాళ్ళు వేరే బాణీతో జేసన్ పెయిజ్ చేత పాడించారు. మన ఊళ్ళకు వచ్చింది ఆ అమెరికా దారినే.

మే 19
జియాన్ పాట మాత్రం ఎవరూ కొనలేరు, తప్పించుకోలేరు. డోరేమాన్‌లో వాడు కచేరీ పెట్టినప్పుడల్లా డబ్బింగ్ కళాకారుడు తానే పాడాలి, అపస్వరంలో పాడాలి. బాగా పాడగలిగినవాడే అంత చెడగొట్టగలడు.

మే 23
ఇవాళ ఒక పాట రాసిచ్చాను. ఏ సీరియల్‌కో చెప్పను. బాణీ హిందీ మాటలకు కట్టినది. హిందీ మాటలు చాలా హల్లుతో ఆగుతాయి: 'సాథ్' ఒక్క దెబ్బ, నోరు మూసుకుంటుంది. దాని బదులు 'తోడు' పెడితే రెండు అక్షరాలు, రెండోది ఎక్కడ పడాలి? పాదం చివర ప్రతిసారీ ఒక అక్షరం మిగులుతుంది. దాన్ని తర్వాతి పాదంలోకి తోస్తే గాయకుడికి ఊపిరి అందదు. కాబట్టి భావం తగ్గించి మాటలు తీసేస్తాం. పిల్లల పాట ఇంగ్లీషు ముక్కలతో నిండిపోవడానికి ఒక కారణం ఇదే: 'ఫ్రెండ్' హల్లుతో ఆగుతుంది, దెబ్బ మీద కూర్చుంటుంది. 'నేస్తం' కూడా కూర్చునేదే, మకారం పుణ్యాన. అందుకే పాటల్లో నేస్తాలు ఎక్కువ.

బాణీ తెలుగు మాటలకు కట్టి ఉంటే ఈ అవస్థ లేదు. కానీ చాలా పిల్లల ఛానళ్ళలో బొమ్మ అందరికీ ఒకటే, రిమోట్‌తో మారేది భాష ఒక్కటే. బొమ్మ ఒకటైతే పాట పొడవూ ఒకటే.

మే 27
1993లో దూరదర్శన్‌లో వచ్చిన 'జంగిల్ బుక్' కూడా జపాన్ సీరియలే. దాని పాట ఇక్కడిదే: గుల్జార్ రాశారు, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు. మొదటి నుంచీ ఇక్కడి మాటలకే పుట్టింది కనుక హిందీ రాని మా ఊరి పిల్లలు కూడా పాడుకున్నారు. అసలు పాటని ఉంచలేకపోవడం తప్పు కాదు, దాని స్థానంలో పెట్టేదాన్ని శ్రద్ధగా చేయించకపోవడమే తప్పు.

ఆ పాట ఎవరిదో ఇప్పటికీ అడిగితే చెప్తారు. పిల్లల ఛానళ్ళలో తెలుగు పాటలు రాసినవాళ్ళ పేర్లు, గొంతునిచ్చినవాళ్ళ పేర్లు తెర మీద నాకు కనపడవు. అన్ని భాషలకూ ఒకటే బొమ్మ కదా, ఎక్కడ వేస్తారు? కనీసం మీ యాప్‌లో, ఇంటర్నెట్‌లో పెట్టే వీడియోల కింద అయినా వేయండి, ఛానల్‌వారూ. రెండు వరుసలు చాలు.