రోగి మంచం పక్కన పలికే మొదటి వాక్యం



వైద్య విద్యార్థిగా నేను చేసిన ఒక పొరపాటును ఈరోజు మీ ముందుంచుతున్నాను. మీలో వైద్యం చదువుతున్నవారికి ఇది వార్డు రౌండ్లలో పనికివస్తుంది. మిగిలినవారికి, మంచం చుట్టూ చేరి అడిగిన ప్రశ్నలనే మళ్లీ అడిగే ఆ పిల్లలు ఏమి వెతుకుతున్నారో తెలుస్తుంది.

అప్పుడు నేను ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. మహిళల వార్డులో 24 ఏళ్ల వ్యవసాయ కూలీని నాకు అప్పగించారు. దగ్గు, ఆయాసం, కళ్లెలో రెండుసార్లు నెత్తురు. బయట ఎవరో క్షయ అన్నారు. రెండు నెలలుగా ఆ మందులే వాడుతున్నది. మరునాడు రౌండ్లలో నేను ఇలా ఆరంభించాను: "సర్, ఈమె క్షయ రోగి. మందులు పనిచేయక చేరింది."

ప్రొఫెసర్‌గారు నెమ్మదిగా అడిగారు. "కళ్లె పరీక్షలో క్రిములు కనిపించాయా?"

"లేదు సర్."

"రాత్రి ఎలా పడుకుంటున్నది?"

ఆ సంగతి నేను అడగనేలేదు. ఆయన ఆమె వైపు తిరిగి, "అమ్మా, రాత్రి పడుకోగలుగుతున్నావా?" అన్నారు.

"లేదయ్యా. పడుకుంటే ఊపిరి అందదు. గోడకానుకుని కూర్చునే కునుకు తీస్తాను."

మరి రెండు ప్రశ్నలకు ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. పదేళ్ల వయసులో కీళ్లు వాచి నెలరోజులు మంచాన పడింది. ఇప్పుడు అయిదో నెల గర్భిణి. ఆయన ఆమెను ఎడమవైపుకు ఒత్తిగిలమని, స్టెతస్కోపు గంట భాగాన్ని గుండె కొన దగ్గర తేలికగా ఆనించి, నన్ను వినమన్నారు. దూరాన బండి దొర్లుతున్నట్టు ఒక మంద్రధ్వని వినిపించింది.

అది మైట్రల్ స్టెనోసిస్. చిన్ననాటి కీళ్లవాతజ్వరం వల్ల గుండె ఎడమవైపు కవాటం ఇరుకైపోయింది. ముందుకు సాగలేని రక్తం ఊపిరితిత్తులలో ఒత్తిడి పెంచింది. దగ్గు, నెత్తురు దానివే. గర్భంతో శరీరంలో రక్తం పరిమాణం పెరిగేసరికి ఆయాసం ముదిరింది. గుర్తించకుండా ప్రసవం దాకా వదిలేసి ఉంటే ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణానికే ముప్పు వచ్చేది.

నా తప్పు తెలియకపోవడం కాదు. మొదటి వాక్యంలోనే రోగనిర్ణయం చెప్పాను. ఆ తర్వాత నా చెవులు మూసుకుపోయాయి. నాటినుంచి ప్రతి మంచం దగ్గరా నేను పాటించిన, నా విద్యార్థులచేత పాటింపజేసిన పట్టిక ఇది.

1. ముందుగా రోగికి మీ పేరు చెప్పి అనుమతి అడగండి. పరీక్షకు ముందు తెర లాగండి. భయపెట్టే జబ్బుల పేర్లు మంచం దగ్గర కాక, వరండాలో చర్చించండి. ఆంగ్లంలో అన్నంతమాత్రాన రోగికి అర్థం కాదనుకోకండి.

2. మొదటి వాక్యంలో వయసు, వృత్తి, బాధ, ఎన్నాళ్లనుంచి అన్నవే ఉండాలి. "24 ఏళ్ల వ్యవసాయ కూలీ, అయిదో నెల గర్భిణి, మూడు నెలలుగా ఆయాసం, రెండు నెలలుగా దగ్గు." ఇంతే. జబ్బు పేరు వద్దు.

3. బాధలను పుట్టిన వరుసలో చెప్పండి. ఈమెకు ముందు వచ్చింది ఆయాసం, దగ్గు తర్వాతిది. నేను తలకిందులుగా చెప్పాను.

4. లేనివాటినీ చెప్పండి. సాయంత్రపు జ్వరం లేదు, బరువు తగ్గలేదు. ఇవి క్షయను కొట్టివేయవు గాని, మరో కారణం వెతకమంటాయి.

5. నాడిని, శ్వాసను నిండు నిమిషం మీరే లెక్కించండి. చార్టులోనుంచి ఎత్తి రాయకండి. శ్వాసను గమనిస్తున్నారని తెలిస్తే రోగి ఊపిరి మారిపోతుంది. కనుక నాడి పట్టుకున్నట్టే ఉండి లెక్కపెట్టండి.

6. చివర రెండు వాక్యాలలో సారాంశం చెప్పి, అప్పుడు మాత్రమే మీ అనుమానాలను చెప్పండి. వాటిని వేరుచేయగల పరీక్ష ఏదో కూడా చెప్పండి.

ఇదంతా అయిదారు నిమిషాలలో ముగియాలి. రోగి ఊపిరికోసం పెనుగులాడుతుంటే మాత్రం పట్టిక పక్కనపెట్టి, ముందు చికిత్సకు పెద్దలను పిలవండి.

ఆమెను హృద్రోగ విభాగానికి మార్చారు. కవాటాన్ని వెడల్పు చేసే శస్త్రచికిత్స జరిగింది. కొన్ని వారాల తర్వాత ఒక రాత్రి డ్యూటీలో ఆ వార్డు గుండా వెళ్తూ చూశాను. ఆమె ఒకే దిండు మీద నిద్రపోతున్నది.