అంట ఒక లైనులో, రానివారు ఇంకో లైనులో



మన పాత కరపత్రాలన్నీ ఫోన్లో వెతుక్కునేలా చేస్తానన్నాను కదా, ఎక్కడిదాకా వచ్చిందని చాలామంది ఇన్‌బాక్సులో అడుగుతున్నారు. స్కానింగ్ అయిపోయింది. సాఫ్ట్‌వేర్‌తో అక్షరాలు గుర్తుపట్టించడం కూడా అయిపోయింది. ఇప్పుడు పనంతా విరిగిన మాటల్ని అతికించడం దగ్గర ఆగింది. ఇదేదో గుమాస్తా పని అనుకుంటారేమో, కాస్త ఓపికగా చదవండి.

కారంచేడు తర్వాత, అంటే 1985 నుంచి వచ్చిన కరపత్రాల కట్ట ఒకటి నా దగ్గరుంది. పగలు రాయదుర్గంలో ఒక అద్దాల మేడలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. రాత్రి రూముకొచ్చాక ఈ కట్ట ముందేసుకుంటాను. మొదటి వారంలోనే టెక్స్టు ఫైల్లో ‘అంటరాని’ అని వెతికాను. మూడుసార్లే ఉందని చూపించింది. అంటరానితనం మీద వేసిన కరపత్రాల్లో ఆ మాట మూడుసార్లేనా? అసలు పేజీ బొమ్మలు తెరిచి చూస్తే ఎక్కడ చూసినా అదే మాట. కొన్నిచోట్ల ‘అంట’ లైను చివర, ‘రానివారు’ కింది లైను మొదట్లో. కొన్నిచోట్ల ‘అంటరా-’ అని గీత పెట్టి, కింద ‘నివారు’. కళ్ళతో చదివేవాళ్ళకి అది ఒకటే మాట. కంప్యూటరుకి రెండు.

ఇంగ్లీషులో లైను చివర మాట విరిస్తే మామూలుగా గీత పెడతారు. గీతను పట్టుకుంటే సగం పని అయిపోతుంది. తెలుగులో ఆ భరోసా లేదు. కట్ట ఇచ్చిన పెద్దాయన ఒకప్పుడు ప్రెస్సులో కంపోజిటరు. ఆయన్నే అడిగాను. “లైను నిండితే ఏ అక్షరం దగ్గరైనా విరిచేవాళ్ళం తమ్ముడూ. గీత పడితే పడింది, లేకపోతే లేదు. చదివేవాడు మనోడే కదా, కలుపుకుంటాడు అనుకునేవాళ్ళం” అన్నాడు. ముప్పై నలభై ఏళ్ళ తర్వాత చదివేది యంత్రం అవుతుందని ఆయన మాత్రం ఎలా ఊహిస్తాడు?

కాబట్టి పనిని మూడు ముక్కలు చేసుకున్నాను.

మొదట పేజీ నంబర్లు, పేజీ పైన పదేపదే వచ్చే శీర్షిక తీసేయాలి. మాట సగం ఒక పేజీ చివర, మిగతా సగం తర్వాతి పేజీలో ఉంటే మధ్యలో ‘12’ అడ్డం కూర్చుంటుంది. అది తీయకుండా అతికిస్తే ఏదీ అతకదు. అయితే ఏ పేజీ ఎక్కడ మొదలైందో వేరే ఫైల్లో రాసి ఉంచుకోవాలి. అనుమానం వచ్చినప్పుడు బొమ్మ దగ్గరికి వెళ్ళడానికి అదొక్కటే దారి.

రెండోది గీత ఉన్న విరుపులు. ఇక్కడ చాలామంది గీతనూ లైనునూ ఒక్క వేటుతో లేపేస్తారు. నేను లేపలేదు, గుర్తు పెట్టాను:

```python
t = re.sub(r'([\u0C00-\u0C7F])[-\u00AD\u2010][ \t]*\n[ \t]*(?=[\u0C00-\u0C7F])', r'\1§', t)
```

తెలుగు అక్షరం, గీత, కొత్త లైను, మళ్ళీ తెలుగు అక్షరం. ఈ వరసలో వచ్చిన చోట § పడుతుంది. గీతలు మూడు రకాలు రాయాల్సి వచ్చింది, ఎందుకంటే కంటికి ఒకేలా కనిపించే గీత ఫైల్లో వేర్వేరు కోడులతో ఉండొచ్చు. అందులో \u00AD అయితే చాలాసార్లు తెర మీద కనపడనే కనపడదు.

ఎందుకు లేపలేదంటే, కొన్ని గీతలు మనవి. 1917లో బెజవాడలో పంచమ మహాజన సభ అని పిలిచిన సభ, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన ఆది-ఆంధ్ర మహాజన సభగా పేరు మార్చుకుంది. ఆ పేరు ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు. కరపత్రంలో ‘ఆది-’ లైను చివర పడి, ‘ఆంధ్ర’ కిందికి వెళ్తే, గుడ్డిగా అతికించే ప్రోగ్రాము దాన్ని ‘ఆదిఆంధ్ర’ చేస్తుంది. రేపు ఒక పిల్ల పరిశోధన కోసం ‘ఆది-ఆంధ్ర’ అని వెతికితే ఆ పేజీ రాదు. అందుకని ప్రతి § దగ్గరా ఆ పుస్తకాన్నే అడిగాను. లైను మధ్యలో, అంటే విరగాల్సిన అవసరం లేనిచోట, ఇదే మాట ఎలా రాశారు? గీతతోనే ఉంటే గీత ఉంచాలి. కలిపి ఉంటే కలపాలి. రెండూ లేకపోతే బొమ్మ తెరవాలి. బయటి నిఘంటువు కంటే ఇది నాకు బాగా పనికొచ్చింది. ‘మాదిగపల్లె’, ‘వెట్టోడు’ లాంటి మాటలు పండితుల నిఘంటువులో దొరక్కపోయినా ఆ కరపత్రంలోనే ఇంకోచోట దొరుకుతాయి.

కలిపేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. మొదటి ముక్క పొల్లుతో ముగిస్తే, ఉదాహరణకి ‘స్టేషన్-’ కింద ‘కు’ ఉంటే, ఊరికే అతికిస్తే కు వచ్చి న కింద వత్తులా వేలాడుతుంది. మధ్యలో కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడితేనే ‘స్టేషన్‌కు’ అని నిలబడుతుంది.

మూడోది గీత లేని విరుపులు. అసలు తలనొప్పి ఇదే. కింది లైను గుడితోనో కొమ్ముతోనో మొదలైతే సందేహం లేదు. తెలుగులో ఏ మాటా అలా మొదలవదు, కలిపేయొచ్చు. మిగతావాటికి ప్రతి లైను చివరి ముక్కనూ కింది మొదటి ముక్కతో కలిపి చూసి, కలిపిన రూపం పుస్తకంలో ఇంకెక్కడైనా ఉందా అని లెక్క తీయించాను. ‘అణ’, ‘గారిన’ విడిగా ఎక్కడా లేవు, ‘అణగారిన’ బోలెడుసార్లు ఉంది. ఇది తేలిక. ‘అంట’, ‘రానివారు’ దగ్గరికి వచ్చేసరికి రెండూ మంచి మాటలే. “దొర పిలిచాడంట, రానివారు వెనకబడ్డారంట” అనే వాక్యం కూడా అదే కట్టలో ఉండొచ్చు. మనల్ని మనుషుల్లోంచి తీసేసిన మాట, లైను విరిగితే సభకు రాని జనం అయిపోతుంది! ఇలాంటివి యంత్రానికి వదల్లేదు. జాబితా తీసి ఒక్కొక్కటీ చూశాను.

పాటల్ని ఈ లెక్కలోకి తేనేలేదు. పాటలో లైను విరుపు పాడినోళ్ళు పెట్టుకున్నది, దాన్ని ముట్టుకోకూడదు.

ఇక్కడికి దగ్గర్లోనే గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం పుస్తకాలు స్కాన్ చేసిన పెద్ద కేంద్రాల్లో అదొకటి. ఆ స్కాన్ల వల్లే ఎన్నో పాత తెలుగు పుస్తకాలు ఇవాళ ఇంట్లో కూర్చుని చూడగలుగుతున్నాం. కానీ బొమ్మ బొమ్మే. అందులో మాట వెతకాలంటే ఎవరో ఒకరు ఈ అతుకుల పని చేయాలి. ఎవరి పుస్తకాలకు ముందు చేస్తారో నేను చెప్పక్కర్లేదు.

ఇక పేర్ల సంగతి. కారంచేడులో చంపింది ఆరుగురిని. ఒక కరపత్రంలో వాళ్ళ పేర్లు సన్నని గడిలో, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. అక్షరాలు తీశాక అవి ఏడు లైన్లయ్యాయి. గడి ఇరుకై ఒక పేరు రెండు లైన్లకు పాకింది, గీత లేదు. అతికించొద్దని ప్రోగ్రాముకి చెబితే చనిపోయినవాళ్ళు ఏడుగురవుతారు. అతికించమంటే ఇంటిపేర్లు ఒకటే ఉన్నచోట ఇద్దరు కలిసి ఒకరైపోతారు. పేర్లకు నిఘంటువు ఉండదు. ఇంకోచోట రాసి ఉంటే తప్ప పుస్తకమూ సాయం చేయదు. ఆ పేజీని చేత్తోనే టైపు చేశాను, ఆరు వచ్చేదాకా లెక్కపెట్టాను. అప్పటినుంచి పేర్ల జాబితా, ఊళ్ళ జాబితా ఉన్న పేజీలన్నీ ప్రోగ్రాము నుంచి తప్పించేశాను.

ఇప్పుడు ‘అంటరాని’ అని వెతికితే 41 చోట్ల వస్తోంది. ఇంకా 26 చోట్ల § అలాగే ఉంది. కుట్టు దగ్గర కాగితం చిరిగి, లైను చివర గీత ఉందో లేదో బొమ్మలో కూడా తెలియడం లేదు. 1985, 86 నాటి చీరాల శిబిరం కరపత్రాలు ఎవరింట్లోనైనా ఉంటే, కుట్టు విప్పకుండా, పేజీ పూర్తిగా తెరిచి, పగటి వెలుగులో ఫోటో తీసి పంపండి. లైన్ల చివరలు కనపడితే చాలు.