గది నంబర్ల వరుస

అడ్మిషన్ల ప్రత్యేక సంచిక కోసం ఏదైనా డిగ్రీ కాలేజీ స్టాటిస్టిక్స్ ల్యాబ్ చూసి రాయమని మా సంపాదకుడు అడిగారు. జిల్లా కేంద్రంలోని ఒక ప్రభుత్వ కాలేజీకి వెళ్లాను. కొత్త కంప్యూటర్ల గదిని ప్రిన్సిపల్ గారు ఎంతో ఇష్టంగా చూపించారు. నా కాళ్లు మాత్రం పక్క గదిలో, నల్లబల్ల దగ్గర ఆగిపోయాయి.

అక్కడ ఒక మేడమ్ సుద్దముక్కతో పట్టిక గీస్తున్నారు. ఎడమవైపు మూడు అడ్డ వరుసలు: బీఎస్సీ, బీకాం, బీఏ. పైన రెండు నిలువు వరుసలు: హాస్టలర్లు, డే స్కాలర్లు. కోర్సు ఎంపికకూ హాస్టల్లో ఉండడానికీ సంబంధం ఉందా అన్నది ప్రశ్న. అభ్యాసం కోసం ఆవిడే కూర్చుకున్న అంకెలవి, మొత్తం 200 మంది విద్యార్థులు. గళ్లు నింపకుండా ముందు అంచుల్లో మొత్తాలు రాశారు. బీఎస్సీ 90, బీకాం 70, బీఏ 40. హాస్టలర్లు 90, డే స్కాలర్లు 110.

"సంబంధమే లేదనుకుందాం. అప్పుడు ఈ గడిలో ఎంతమంది ఉండాలి?" అని బీఎస్సీ హాస్టలర్ల గడి మీద వేలు పెట్టారు. మొత్తం 200 మందిలో 90 మంది హాస్టలర్లు. బీఎస్సీలోనూ అదే పాలు ఉండాలి. అంటే 90ని 90తో హెచ్చించి 200తో భాగిస్తే 40.5. బీకాం హాస్టలర్లకు అదే పద్ధతిలో 31.5. అక్కడ సుద్దముక్క పక్కన పెట్టి, మిగతా నాలుగు గళ్లనూ తీసివేతతోనే నింపమన్నారు. పిల్లలు 18, 49.5, 38.5, 22 అని చెప్పేశారు. రెండు గళ్లు తెలిస్తే చాలు, మిగతావాటిని అంచులే తేల్చేస్తాయి. ఈ పట్టికకు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ రెండు అని పుస్తకం చెప్పే మాటను ఆ పిల్లలు అలా చేత్తో చేసి చూశారు.

ఇది చిన్న విషయం కాదు. 1900లో కై-స్క్వేర్ పరీక్షను లోకానికి ఇచ్చిన కార్ల్ పియర్సన్, ఇలాంటి పట్టికకు గళ్ల సంఖ్యలోంచి ఒకటి మాత్రమే తీసేయాలన్నాడు. ఆ లెక్కన ఇక్కడ ఐదు వస్తుంది. అంచుల మొత్తాలు కూడా మన దత్తాంశంలోంచే వచ్చాయి కనుక వాటినీ తీసేయాలని ఆర్.ఎ. ఫిషర్ 1922లో చూపించాడు. ఈ తేడా తీర్పునే మార్చేస్తుంది.

తర్వాత మేడమ్ అసలు అంకెలు వేశారు. హాస్టలర్లలో బీఎస్సీ 48, బీకాం 22, బీఏ 20. డే స్కాలర్లలో వరుసగా 42, 48, 20. ఉన్నదానికీ ఉండాల్సినదానికీ తేడా తీసి, వర్గం చేసి, ఉండాల్సిన సంఖ్యతో భాగించి, ఆరు గళ్లనూ కూడితే 8.14 వచ్చింది. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ రెండు అయితే ఐదు శాతం స్థాయిలో హద్దు 5.991. దాన్ని దాటింది కాబట్టి సంబంధం లేదన్న ఊహ నిలవలేదు. అదే ఐదు అనుకుంటే హద్దు 11.07 అయ్యేది, ఊహ నిలిచేది. ఆవిడ అంతటితో వదల్లేదు. 8.14లో ఏ వరుస వాటా ఎంతో చూడమన్నారు. బీకాం రెండు గళ్లే 5.21 తెచ్చాయి. కథలో ఎక్కువ భాగం బీకాంలో హాస్టలర్లు తక్కువగా ఉండటంలో ఉంది, బీఏలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇంతలో ఒక అబ్బాయి తన ప్రాజెక్టు నోటుపుస్తకం తెచ్చాడు. సొంతంగా వివరాలు సేకరించి ఇలాంటి పట్టికే వేశాడు. మేడమ్ పట్టిక ఉన్న పేజీ చూడలేదు. వెనక్కి తిప్పి, పేర్లు రాసుకున్న పేజీలు తీశారు. పేరు పక్కన గది నంబరు, దాని పక్కన కోర్సు. గది నంబర్ల వరుస మీద ఆవిడ చూపుడువేలు నెమ్మదిగా కిందికి జారింది. ఒక గదిలో నలుగురూ బీఎస్సీ. తర్వాతి గదిలో నలుగురికి ముగ్గురు బీఏ.

"వీళ్లు ముందునుంచీ స్నేహితులా?"

"అవును మేడమ్, ఒకే ఊరి ఇంటర్ కాలేజీ. కలిసే చేరారు."

"అయితే ఇవి నాలుగు నిర్ణయాలా, ఒకటా?"

నా వెనక బెంచీలో ఒకడు పక్కవాడితో గొణిగాడు. "టేబుల్ కరెక్టుగానే ఉంది కదరా, గది నంబర్లతో ఏం పని? సాఫ్ట్‌వేర్‌లో వేస్తే పి-విలువ వచ్చేస్తుంది."

ఆ మాట నన్ను ఇప్పటికీ కలవరపెడుతోంది. ఎందుకంటే ఈ పరీక్షలో పాళ్లు మారకపోయినా, మనుషుల సంఖ్యను బట్టి విలువ పెరుగుతుంది, తరుగుతుంది. మేడమ్ పట్టికలో సంఖ్యలకు బదులు మొత్తంలో శాతాలు వేశామనుకోండి: 24, 11, 10, 21, 24, 10. కూడితే 100. పాళ్లన్నీ అవే, కానీ కై-స్క్వేర్ సగమై 4.07 అవుతుంది, హద్దు దాటదు. అందుకే గళ్లలో శాతాలు కాదు, తలలు ఉండాలి. ఆ తలలు కూడా విడివిడిగా ఆలోచించినవై ఉండాలి. 200 మందీ ఇద్దరేసి జతగా వచ్చి ఒకే మాట మీద చేరి ఉంటే, అక్కడున్నవి 100 నిర్ణయాలే. నిజమైన విలువ 4.07 అయినా, పట్టిక మాత్రం 8.14 అంటుంది. వెబ్ ఆప్షన్లలో ఒకరు పెట్టిన కోర్సులన్నిటినీ లెక్కించినా ఇదే తప్పు: ఒకే విద్యార్థి నాలుగైదు సార్లు పట్టికలోకి వస్తాడు. ఒక మనిషి ఒకే గడిలో, ఒక్కసారే ఉండాలి.

ఇంకో షరతు ఉంది, దాన్ని సాఫ్ట్‌వేర్ కూడా గుర్తుచేస్తుంది. ఉండాల్సిన సంఖ్యలు మరీ చిన్నవి కాకూడదు. ఐదులో ఒక వంతు కన్నా ఎక్కువ గళ్లలో అవి 5 కంటే తగ్గకూడదని, ఎక్కడా 1 కంటే తగ్గకూడదని కాక్రన్ 1954లో చెప్పిన సూత్రాన్నే చాలామంది పాటిస్తారు. బీఏలోని 40 మందిలోంచి తెలుగు సాహిత్యం గ్రూపు వాళ్లు 8 మందిని వేరే వరుసగా రాస్తే, వాళ్ల రెండు గళ్లలో 3.6, 4.4 వస్తాయి. ఎనిమిది గళ్లలో రెండు అంటే నాలుగో వంతు, సూత్రం తప్పింది. కాబట్టి బీఏ గ్రూపులను కలిపి ఉంచాలి. కలపడానికి విషయంలో పొంతన ఉండాలి, ఫలితం చూశాక నచ్చినట్టు కలపకూడదు.

ఈ రెండో షరతును పట్టిక చూసి పట్టుకోవచ్చు. మొదటిదాన్ని పట్టుకోలేం. స్నేహితులు కలిసి చేరిన సంగతి ఆరు గళ్లలో ఎక్కడా కనబడదు, పి-విలువలో అసలే కనబడదు. అది పేర్ల జాబితాలో, గది నంబర్ల వరుసలో మాత్రమే ఉంటుంది. నేను అక్కడ తిరగేసిన ప్రాక్టికల్ రికార్డుల్లో ఉద్దేశం, సూత్రం, పట్టిక, లెక్క, తీర్పు ఉన్నాయి. ఎవరిని అడిగారు, ఎలా ఎంచుకున్నారు అన్నదానికి ఒక్క గీత చోటు లేదు. మార్కులు తీర్పుకే పడుతున్నాయి. కనుక పిల్లలు తీర్పే నేర్చుకుంటున్నారు. ఆ అబ్బాయి జాబితాలో గది నంబరు రాసుకోకపోయి ఉంటే, తప్పు ఉన్నట్టు మేడమ్‌కైనా తెలిసేది కాదు.

ఆవిడ అతన్ని కోప్పడలేదు. అడ్మిషన్ రిజిస్టరు తీసుకుని, యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ప్రకారం పేర్లు ఎంచి, ఒక గది నుంచి ఇద్దరు పడితే ఒకరినే ఉంచి మళ్లీ చేయమన్నారు. మనుషులు తగ్గుతారు, ఫలితం తేలకపోవచ్చు కూడా అని ముందే చెప్పారు. తేలకపోతే తేలలేదనే రాయమన్నారు.

ప్రాక్టికల్ రికార్డులో పట్టిక కంటే ముందు ఒక పేజీ ఉండాలి. ఎవరిని అడిగారు, ఎక్కడ అడిగారు, ఒకరి ఎంపిక మరొకరితో ముడిపడి ఉందా అన్న వివరం అందులో రాయించాలి. సగం మార్కులు దానికే వేయాలి. పాఠ్యప్రణాళిక తయారుచేసేవాళ్లకు ఇందులో ఖర్చేమీ లేదు. ఆ పేజీ లేనంతకాలం మన డిగ్రీ విద్యార్థులు 8.14ను తప్పు లేకుండా కట్టగలరు, దాన్ని నమ్మొచ్చో లేదో మాత్రం చెప్పలేరు.