ముందు బీరా, ముందు విస్కీనా

షరాబ్ గురించి మన ఇళ్లలో ఒక్క మాటే ఉంటుంది. హరామ్. ఆ మాటతో బాత్ ఖతం. దానికి నాకేం అభ్యంతరం లేదు, నేనూ ముట్టను. కానీ బాత్ అక్కడ ఖతం అవడం వల్ల, తాగే పిల్లలకు దాని గురించి చెప్పేవాళ్లు దోస్తులే మిగులుతున్నారు. ఆ దోస్తుల ఇల్మ్ ఎలా ఉంటుందో మా ఖాలా కొడుకు నోటి నుంచి విన్నాక ఇది రాయాలనిపించింది.

వాడు మా బస్తీలో స్కూల్ ఆటో నడుపుతాడు. ఎనిమిది మంది పిల్లలు. పొద్దున ఏడున్నరకు మొదటి ఇంటి ముందు హారన్ కొట్టాలి. ఒక సోమవారం కళ్లు ఎర్రగా చేసుకుని మా ఇంటికి నీళ్లకు వచ్చాడు. ఏమైందిరా అంటే, "రాత్ గల్తీ హో గయీ బాజీ, బీర్ మీద విస్కీ పోశా. ముందు విస్కీ తాగి తర్వాత బీర్ తాగుంటే ఏం కాకపోయేది" అన్నాడు. వాడి దృష్టిలో గల్తీ తాగడం కాదు, వరస తప్పడం.

నేను ఖూన్ పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. ఈ వరస సంగతి మొదటిసారి వినడం కాదు. ఇంగ్లీషు వాళ్లకు దీని మీద ప్రాస కట్టిన సామెతే ఉంది: బీర్ ముందైతే చెడ్డ రోగం, విస్కీ ముందైతే గండం గట్టెక్కినట్టే అని. జర్మన్లకూ ఒకటి ఉంది, అందులో బీర్ ముందుండాలి, వైన్ తర్వాత రావాలి. ఒకడి సామెతలో దోషి అయిన బీర్ ఇంకొకడి సామెతలో మంచిదైపోయింది. ఇక్కడే షక్ రావాలి.

జర్మనీలోనే విట్టెన్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని పరీక్ష పెట్టి చూశారు. 2019లో ఫలితం అచ్చయింది. 90 మందిని తీసుకుని కొందరికి ముందు బీర్, తర్వాత వైన్ ఇచ్చారు. కొందరికి ఉల్టా. మిగిలినవాళ్లకు ఏదో ఒకటే. మళ్లీ ఇంకో రోజు వరస మార్చి ఇచ్చారు. మర్నాటి తలనొప్పి, వాంతులు, నీరసం అన్నీ లెక్కగట్టారు. వరస వల్ల ఏ ఫరక్ కనబడలేదు. ఎవరికి రాత్రి నషా ఎక్కువ అనిపించిందో, ఎవరు కక్కుకున్నారో, వాళ్లకే పొద్దున హాలత్ ఎక్కువ ఖరాబైంది. అది వైన్‌తో చేసిన పరీక్ష, విస్కీతో కాదు. కానీ విస్కీ విషయంలోనూ లోపల జరిగే పని అదే.

ఏం జరుగుతుందంటే, మేదాలో పడ్డ షరాబ్‌లో కొంచెమే అక్కడ ఖూన్‌లో కలుస్తుంది. ఎక్కువ భాగం కింద చిన్న పేగులోకి దిగాకే కలుస్తుంది. మేదాకూ పేగుకూ మధ్య ఒక తలుపు లాంటి కండరం ఉంటుంది. కడుపులో బిర్యానీ ఉంటే ఆ తలుపు ఆగి ఆగి తెరుచుకుంటుంది. ఖాలీ పేట్ అయితే షరాబ్ జల్దీ దిగిపోతుంది, నషా ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఇక బయటికి పోయే దారిలో పెద్ద పని కలేజాది. దానికి తొందర పెట్టే మందు లేదు. నీంబూ నీళ్లు, కడక్ చాయ్, చల్లటి స్నానం... నిద్ర మత్తు వదలొచ్చు, ఖూన్‌లో ఉన్నది మాత్రం తగ్గదు. కక్కుకుంటే మేదాలో ఇంకా మిగిలి ఉన్నదే పోతుంది, ఖూన్‌లోకి వెళ్లింది వెనక్కి రాదు.

మరి వరస మారిస్తే ఎక్కువైనట్టు ఎందుకు అనిపిస్తుంది? బీర్‌తో మొదలుపెట్టినవాడికి హోష్ కాస్త సడలాక విస్కీ చేతికొస్తుంది. అప్పుడు కొలత చూసేవాడు ఉండడు, పెగ్గు పెద్దదవుతుంది. మొదట తాగిన బీర్ ఇంకా పేగులోకి దిగుతూనే ఉంటుంది, దాని మీద ఇది కలుస్తుంది. తల తిరిగే వేళకు చేతిలో ఏది ఉంటే ఇల్జామ్ దాని మీద పడుతుంది.

ఇంకో గలత్‌ఫహమీ దీనికన్నా ఖతర్నాక్: బీర్ హల్కా అని. వాడిని కూర్చోబెట్టి హిసాబ్ చేశాను. స్ట్రాంగ్ బీర్ పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. దానిలో వందకు ఏడు పాళ్లు ఆల్కహాల్ అనుకుంటే 45 మిల్లీలీటర్లు, తూకంలో 36 గ్రాములు. విస్కీ పెద్ద పెగ్గు 60 మిల్లీలీటర్లు. వందకు 42.8 పాళ్లు. తూకంలో 20 గ్రాములు. అంటే ఒక్క సీసా బీర్ దాదాపు రెండు పెద్ద పెగ్గులు. వాడు నమ్మలేదు. సీసా మీద రాసి ఉన్న అంకె చదివించాల్సి వచ్చింది.

ఆ ఆదివారం వాడు తాగింది రెండు సీసాలు, రెండు పెద్ద పెగ్గులు. మొత్తం 112 గ్రాములు. ముందు ఏది పోసినా ఆ 112 మారదు. వాడి బరువు 70 కిలోలు. షరాబ్ ఒంట్లోని నీళ్లలో కలుస్తుంది కాబట్టి మగవాళ్లకు బరువును 0.68తో గుణించి, గ్రాములను దానితో భాగిస్తారు. స్వీడన్‌కు చెందిన విడ్‌మార్క్ చూపించిన హిసాబ్ ఇది. ఆడవాళ్లకు ఆ అంకె 0.55 దగ్గర ఉంటుంది, అందుకే ఒకే బరువున్నా అంతే షరాబ్‌తో వాళ్లకు నషా ఎక్కువ. మావాడికి లెక్క కడితే 100 మిల్లీలీటర్ల ఖూన్‌లో దాదాపు 235 మిల్లీగ్రాములు వచ్చింది. కలేజా గంటకు సుమారు 15 తగ్గిస్తుంది. కొందరికి కాస్త ఎక్కువ, కొందరికి తక్కువ.

తొమ్మిదికి మొదలుపెట్టాడు. పొద్దున ఏడున్నరకు పదిన్నర గంటలు. అంటే 157 పోయింది. ఇంకా 78 ఉంది. బండి నడిపేవాడికి మన దేశంలో చట్టం పెట్టిన హద్దు 30.

"కానీ బాజీ, పొద్దున నాకు నషా లేదు, సాఫ్‌గా ఉన్నా" అన్నాడు. అది అబద్ధం కాదు. ఖూన్‌లో షరాబ్ పైకి ఎక్కుతున్నప్పుడు ఒక అంకె దగ్గర ఎంత నషా తెలుస్తుందో, దిగుతున్నప్పుడు అదే అంకె దగ్గర అంత తెలియదు. దిమాగ్ అప్పటికి అలవాటు పడిపోతుంది. రోజూ తాగేవాడికైతే ఇంకా తెలియదు. నడక తిన్నగానే ఉంటుంది, జుబాన్ తడబడదు. కానీ పిల్లాడు అడ్డం వస్తే బ్రేక్ మీదికి కాలు వెళ్లే ఆ క్షణం ఆలస్యమవుతుంది. ఎంత నషా ఉందో తాగినవాడినే అడిగితే జవాబు గలత్ వచ్చేది ఇందుకే.

వాడు ఆ కాగితం మీద అంకెలు చాలాసేపు చూశాడు. 78 కింద గీత గీశాడు. తర్వాత "పదిన్నర గంటల తర్వాత కూడానా?" అని ఒక్కటే అడిగాడు. వాడి కూతురు కూడా అదే ఆటోలో వెళ్తుంది, ముందు సీటులో, వాడి పక్కన.

ఇప్పుడు ఆదివారం రాత్రి తాగితే సోమవారం ఆటో ఖాలూ తీస్తున్నారు. వాడు షరాబ్ మానలేదు. ఖాలా ప్రతి నమాజ్ తర్వాత దువా చేస్తూనే ఉంది.