తిరిగొచ్చిన ఇంగ్లీషు బాగానే ఉంది

కొన్నేళ్ల కిందట ఒక సర్వే ప్రశ్నావళిని తెలుగు చేసిపెట్టమని నన్నడిగారు. తెలుగులో పీహెచ్‌డీ చేసినవాణ్ని, ఇదెంత పని అనుకున్నాను. అందులో అంటరానితనం మీద రెండు ప్రశ్నలున్నాయి, 2011-12 ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వేలో అడిగిన తీరులోనే. మీ ఇంట్లో ఎవరైనా అంటరానితనం పాటిస్తారా అన్నది మొదటిది. లేదంటే, ఎస్సీ మనిషి మీ వంటింట్లోకి వచ్చినా, మీ గిన్నెలు వాడినా సమస్య ఉంటుందా అన్నది రెండోది.

'అంటరానితనం' అని మొహమ్మీదే అడిగితే ఎవరూ ఒప్పుకోరని, వాడుక మాట కదాని, 'మీ ఇంట్లో అంటు పాటిస్తారా' అని రాశాను.

ఆ తెలుగును ఇంగ్లీషు మూలం చూడని ఒక మిత్రురాలికి ఇచ్చాం. ఆమె దాన్ని తిరిగి ఇంగ్లీషు చేసింది. రెండు ఇంగ్లీషులూ పక్కపక్కన పెట్టి వాక్యం వాక్యం పోల్చాం. దీన్నే బ్యాక్ ట్రాన్స్‌లేషన్ అంటారు. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో దీని మీద రాసిన వ్యాసాన్ని సర్వేలు చేసేవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు.

నా మొదటి ప్రశ్న 'నెలసరికీ, చావుకీ మైల పాటిస్తారా' అన్న అర్థంతో తిరిగొచ్చింది. ఆమె తప్పేం లేదు. మన ఇళ్లలో అంటు అంటే ముందు గుర్తొచ్చేది అదే. సిగ్గుపడి 'అంటరానితనం' అనే దిద్దాను. రెండోది మాత్రం పొల్లు పోకుండా తిరిగొచ్చింది. టిక్కు పెట్టేశాం.

తర్వాత పరీక్ష కోసం ఒక ఊరికి వెళ్లాం. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దామెను ఆ రెండో ప్రశ్న అడిగాను. 'మాకేం సమస్య నాయనా? వాళ్లు లోపలికి రారుగా' అంది. సమాధానం గడిలో 'లేదు' అని టిక్కు పెట్టాలి. నేను వాకిట్లో నిలబడే ఉన్నాను.

లోపం ఎక్కడుంది? తిరగ అనువదించిన మిత్రురాలు కూడా నాలాగే ఇంగ్లీషు చదువుకున్నది. 'సమస్య ఉంటుందా' అనగానే దాని వెనక ఏ ఇంగ్లీషు వాక్యం ఉందో ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది. పెద్దామె విన్నది తెలుగు మాత్రమే. తెలుగులో సమస్య అంటే ఆమెకు వచ్చిపడే కష్టం. రానీకుండా ఉన్నంతకాలం ఆమెకు ఏ కష్టమూ లేదు.

'ఎస్సీ వాళ్లు వంటింట్లోకి వస్తామంటే రానిస్తారా? మీరు తినే కంచంలో వాళ్లకు అన్నం పెడతారా?' అని మార్చాం. ఈసారి తిరిగొచ్చిన ఇంగ్లీషు మూలంతో కలవలేదు. ఒక ప్రశ్న రెండైంది, సమస్య అన్న మాటే లేదు. పై నుంచి ఎర్రగీత పడింది. ఆ అభ్యంతరంలోనూ న్యాయముంది: ప్రశ్న మారాక వచ్చే అంకెల్ని పాత సర్వే అంకెల పక్కన నేరుగా పెట్టలేం. ఆ సంగతి నివేదికలో రాసి, మా ప్రశ్నల్నే ఉంచాం.

సర్వేలకు వెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బ్యాక్ ట్రాన్స్‌లేషన్ చేయండి. నా 'అంటు'ను పట్టుకున్నది అదే. అయితే అంతటితో ఆగకండి. ఊళ్లో నలుగురిని ప్రశ్న అడిగాక, 'నేనేం అడిగానని మీకు అనిపించింది?' అని కూడా అడగండి. ఆ పెద్దామెను నేను అడగాల్సిన మాట అది.