గల్లాపెట్టెలో లేని బాకీ

తెనాలిలో ఒకావిడ, భర్త పోయిన నెలకి కిరాణా కొట్టు మళ్లీ తెరిచింది. మూడో రోజే బ్యాంకు నోటీసు. స్నేహితుడి 6 లక్షల అప్పుకు ఆయన హామీ సంతకం పెట్టాడట! ఇంట్లో ఒక్క మాటా చెప్పలేదు.

"ముందు అప్పు తీసుకున్నాయన్ని అడగండి" అందామె. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, పత్రంలో వేరుగా రాసుకోకపోతే హామీదారు బాధ్యత అప్పుదారుతో సమానం. మనిషి పోయినా పాత బాకీకి హామీ పోదు.

అయితే వారసురాలిగా ఆమె కట్టాల్సింది ఆయన వదిలివెళ్లిన ఆస్తి మేరకే. సరుకు, ఖాతాదారుల బాకీలు కలిపితే 4 లక్షలు. ఆమె పుట్టింటి బంగారం జోలికి రాకూడదు. ఈ సంగతి చెప్పకుండా బ్యాంకు ఆమె ముందు కొత్త హామీపత్రం పెట్టడం అన్యాయం. సంతకం చేస్తే ఆ హద్దు చెరిగిపోయేది.

ఆమె చేయలేదు. కట్టినంత సొమ్మూ ఆ స్నేహితుడి నుంచి రాబట్టుకునే హక్కుంది. రసీదులన్నీ దాచుకుంటోంది.