రూపాయి కుప్పలో రెండు రూపాయలు

మళ్లీ బదిలీ. నేను ముందుగా వచ్చి కొత్త బడిలో చేరాను. అక్కడ సామాను సర్దుతున్న మా అమ్మాయి తన హుండీ పగలగొట్టి, నాణేలను సైజును బట్టి కుప్పలు చేసి ఫోటో పంపింది.

"నాన్నా, నా స్నేహితురాలికి 115 రూపాయల రంగుల పెట్టె కొనిచ్చి వస్తాను. సరిపోతాయా?"

పదులు 6, అయిదులు 8, రూపాయలు 12, ఖడ్గమృగం బొమ్మ ఉన్న పావలాలు 8. అంటే 60, 40, 12, 2, మొత్తం 114. కానీ పావలా 2011 జూన్ 30 నుంచి చెల్లదు. ఇక మిగిలింది 112.

బాధగా ఫోటోను పెద్దది చేసి చూశాను. రూపాయల కుప్పలో ఒకదానిపై 2 అంకె! 2011లో వచ్చిన రెండు రూపాయల నాణెం, పాత రూపాయి నాణెం రెండూ 25 మిల్లీమీటర్లే. పైగా కొన్ని సింహాల వైపు పైకి ఉన్నాయి. ఆ వైపు విలువ కనిపించదు.

"అన్నీ అంకె పైకి వచ్చేలా, ఒకదానిపై ఒకటి పడకుండా పరిచి మళ్లీ ఫోటో తీయమ్మా" అన్నాను.

ఈసారి తేలింది: రూపాయలు 7, రెండు రూపాయలు 5. ఆ కుప్ప విలువ 12 కాదు, 17. మొత్తం 117!

రంగుల పెట్టె స్నేహితురాలికి చేరింది. మిగిలిన రెండు రూపాయలు, చెల్లని ఎనిమిది పావలాలు మాతోపాటు కొత్త ఊరికి వచ్చాయి.